అమ్మకం ఒక లెక్క, నిల్వ మరో లెక్క

అమ్మకాల మీద, స్టాకు మీద నివేదికలు తీయడానికి కట్టే డేటాబేసులో రెండు రకాల టేబుళ్లు ఉంటాయి. జరిగినదాన్ని అంకెల్లో దాచేది ఫ్యాక్ట్ టేబుల్. ఆ జరిగింది ఏ సరుకు విషయంలో, ఏ దుకాణంలో, ఏ రోజున అని చెప్పేది డైమెన్షన్ టేబుల్. ఏలూరు దుకాణంలో ఒక మంగళవారం ఎవరో రెండు కిలో కందిపప్పు ప్యాకెట్లు 300 రూపాయలకు కొన్నారంటే, అందులో 2, 300 అనేవి ఫ్యాక్టులు. ఏలూరు, మంగళవారం, కందిపప్పు అనేవి డైమెన్షన్లు. ఈ మాటలు 1960ల నుంచే వాడుకలో ఉన్నా, వాటి చుట్టూ ఒక పద్ధతిని పేర్చి ప్రచారంలోకి తెచ్చినవాడు రాల్ఫ్ కింబాల్. 1996లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్’ తొలి పాఠాలు కిరాణా దుకాణం అమ్మకాల మీదా, స్టాకు మీదా ఉంటాయి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక డేటాబేసు ఉండగా మరొకటి ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న. బిల్లింగ్ డేటాబేసు పని కౌంటరు దగ్గర వరుస పెరగకుండా బిల్లు కొట్టడం. దానికి ఈ క్షణంలో ఉన్న ధర, ఈ క్షణంలో ఉన్న నిల్వ తెలిస్తే చాలు. పాత విలువ మీద కొత్త విలువ రాసేసి ముందుకు పోతుంది. నివేదిక అడిగేది నిరుడు ఇదే నెలలో ఎంత అమ్మాం, పోయిన నెలాఖరుకు ఎంత నిల్వ ఉంది అని. చెరిపేసిన విలువను తర్వాత ఎంత తెలివైన ప్రశ్న వేసినా రాబట్టలేం కాబట్టి, నివేదికల డేటాబేసు రోజూ రాత్రి బిల్లింగ్ నుంచి వివరాలు తెచ్చుకుని, తనకు కావలసిన రూపంలో విడిగా దాచుకుంటుంది.

ఏలూరు, తణుకు, భీమవరం, కొవ్వూరుల్లో నాలుగు దుకాణాలున్న ఒక కిరాణా సంస్థను ఉదాహరణగా ఊహించుకోవచ్చు. దాని అమ్మకాల ఫ్యాక్ట్ టేబుల్ కట్టేముందు తేల్చుకోవలసింది ఒక్కటే. టేబుల్లో ఒక్క వరుస అంటే ఏమిటి? దీన్నే గ్రెయిన్ అంటారు. ఒక బిల్లుకు ఒక వరుస అని పెట్టుకుంటే టేబుల్ చిన్నదవుతుంది, కానీ ఏ సరుకు ఎంత పోయిందో ఇక ఎప్పటికీ తెలియదు. బిల్లులోని ఒక్కో సరుకుకు ఒక్కో వరుస అని పెట్టుకుంటే టేబుల్ పెద్దదవుతుంది, కానీ ఏ ప్రశ్నకైనా అక్కడి నుంచి కూడుకుంటూ పోవచ్చు. చిన్న వరుసల నుంచి పెద్ద మొత్తం ఎప్పుడైనా వస్తుంది. పెద్ద మొత్తం నుంచి చిన్న వరుసలు రావు. డిస్కు ఖర్చు తగ్గిన ఈ రోజుల్లో బిల్లు స్థాయి దగ్గర ఆగిపోవడానికి సరైన కారణం దొరకడం కష్టం.

గ్రెయిన్ తేల్చుకున్నాక ఆ టేబుల్లో చేరే ప్రతి అంకె ఆ గ్రెయిన్‌కే చెందాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒక బిల్లులో బియ్యం 600 రూపాయలు, కందిపప్పు 300, సబ్బులు 100, మొత్తం 1,000 అనుకుంటే, ఆ బిల్లు మొత్తం మీద 50 రూపాయల తగ్గింపు ఇచ్చారు. ఆ 50 ఏ ఒక్క సరుకుదీ కాదు, బిల్లుది. దాన్ని అలాగే మూడు వరుసల్లోనూ రాస్తే, నెలాఖరున కూడినప్పుడు ఈ ఒక్క బిల్లు తగ్గింపు 150గా తేలుతుంది. సరైన దారి దాన్ని విలువల నిష్పత్తిలో పంచడం. బియ్యానికి 30, పప్పుకు 15, సబ్బులకు 5. నిష్పత్తి ఇంత చక్కగా కుదరని బిల్లుల్లో పైసలు మిగులుతాయి. ఆ మిగిలిన పైసలను అన్నిటికన్నా పెద్ద వరుసకు చేర్చాలి. లేకపోతే నెల మొత్తం బిల్లింగ్ మొత్తంతో కొద్ది రూపాయల తేడాతో సరిపోలక, అకౌంట్స్ విభాగానికి నివేదిక మీదే నమ్మకం పోతుంది.

ఇలా తేలిన అమ్మకాల టేబుల్ రూపం చాలా సాదాగా ఉంటుంది.

```sql
CREATE TABLE fact_sales (
  date_key    INT,
  item_key    INT,
  shop_key    INT,
  bill_no     VARCHAR(16),
  qty         DECIMAL(10,3),
  discount    DECIMAL(10,2),
  net_amount  DECIMAL(12,2)
);
```

మొదటి మూడు కాలమ్‌లు డైమెన్షన్ టేబుళ్లకు దారి చూపే కీలు. చివరి మూడు కూడదగిన అంకెలు. పరిమాణానికి మూడు దశాంశాలు ఉంచింది విడిగా తూచి అమ్మే సరుకుల కోసం. 250 గ్రాముల జీలకర్ర 0.250 కిలోగా చేరుతుంది. మధ్యలో ఉన్న బిల్లు నంబరుది విచిత్రమైన స్థానం. అది కూడే అంకె కాదు, దానికంటూ వేరే టేబులూ అక్కర్లేదు. ఒకే బిల్లులో ఏవేవి కలిసి పోయాయో చూడటానికి, బిల్లులు ఎన్నో లెక్కపెట్టడానికి అది పనికొస్తుంది. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో తిరిగి రాకూడదు. అంటే వచ్చే ఏడు అదే నంబరు మళ్లీ రావచ్చన్నమాట. కాబట్టి రెండేళ్ల బిల్లులను ఒకేసారి లెక్కపెట్టేటప్పుడు ఒక్క నంబరునే నమ్ముకోకుండా ఆర్థిక సంవత్సరాన్ని కూడా జతచేయాలి. దుకాణాలన్నీ ఒకే వరుస నంబర్లు వాడుతుంటే దుకాణాన్నీ చేర్చాలి.

ఇక డైమెన్షన్ టేబుళ్లు. అమ్మకాల టేబుల్ పొడవుగా, సన్నగా ఉంటే ఇవి పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి. సరుకుల టేబుల్లో సంస్థ అమ్మే 5,000 సరుకులకు 5,000 వరుసలు, ఒక్కో వరుసలో పేరు, బ్రాండు, రకం, ప్యాకెట్ సైజు వంటివన్నీ ఉంటాయి. ‘పప్పుధాన్యాలు’ అన్న మాట వంద వరుసల్లో వందసార్లు కనబడుతుంది. ఒకే మాటను రెండుసార్లు రాయకూడదని డేటాబేసు పాఠాల్లో నేర్చుకున్నవారికి ఇది తప్పుగా తోస్తుంది. కానీ కోట్ల వరుసల ఫ్యాక్ట్ టేబుల్ పక్కన 5,000 వరుసల్లో మిగిలే చోటు లెక్కలోకి రాదు. దాన్ని మూడు నాలుగు టేబుళ్లుగా చీలిస్తే మిగిలేది నివేదిక రాసేవారికి తలనొప్పే. మధ్యలో ఫ్యాక్ట్ టేబుల్, చుట్టూ డైమెన్షన్లు ఉండే ఈ అమరికకు స్టార్ స్కీమా అని పేరు.

డైమెన్షన్లలో అందరూ చిన్నచూపు చూసేది తేదీల టేబుల్‌ని. తేదీ అంటే తేదీయే కదా, దానికి టేబుల్ ఎందుకు అంటారు. ఏడాదికి 365 వరుసలుండే ఆ టేబుల్ చేసే మేలు పండుగల దగ్గర తెలుస్తుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరాల్లోకి వీటిని సర్దితే, 2023–24లో ఉగాదే లేదు, 2024–25లో రెండు ఉగాదులున్నాయి. బెల్లం, కొత్త చింతపండు అమ్మకాలను ఏడాదికేడాది పోల్చే నివేదిక ఈ సంగతి తెలియకుండా గీస్తే, మొదటి ఏడు వ్యాపారం దెబ్బతిన్నట్టు, రెండో ఏడు అమాంతం లేచినట్టు కనబడుతుంది. తేదీల టేబుల్లో ఆర్థిక సంవత్సరానికి ఒక కాలమ్, పండుగకు ఒకటి, పండుగకు ఎన్ని రోజుల ముందు అన్నదానికి మరొకటి ఉంటే, ఉగాది ముందు వారాన్ని ఉగాది ముందు వారంతోనే పోల్చవచ్చు. నివేదికల సాఫ్ట్‌వేర్ సాధారణంగా తేదీని చూసి పండుగను తనంతట తాను పట్టదు. ఎవరో ఒకరు పంచాంగం ముందు పెట్టుకుని ఆ కాలమ్ నింపాలి.

ఇంతవరకు వచ్చినవారికి స్టాకు కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. కాదు. అమ్మకం ఒక సంఘటన. అది జరిగినప్పుడు ఒక వరుస పుడుతుంది. నిల్వ ఒక స్థితి. ఏమీ జరగని రోజున కూడా అది ఉంటుంది. అందుకే స్టాకు ఫ్యాక్ట్ టేబుల్‌ను స్నాప్‌షాట్‌గా కడతారు. రోజూ దుకాణం మూశాక, ప్రతి దుకాణంలో ప్రతి సరుకుకు, ఆ రాత్రి మిగిలినది ఎంతో ఒక వరుసగా రాస్తారు. ఈ ఉదాహరణ సంస్థకు 4 దుకాణాలు, 5,000 సరుకులు, 365 రోజులు కలిపి ఏడాదికి 73 లక్షల వరుసలు. అమ్మకాల టేబుల్ కన్నా ఇదే ముందు పెరిగిపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే రెండు మూడు నెలల కన్నా పాతవాటిలో వారాంతపు వరుసలు మాత్రమే ఉంచి మిగతావి తీసేసేవారూ ఉంటారు.

తణుకు దుకాణంలో కిలో కందిపప్పు ప్యాకెట్ల నిల్వను 2025 జులై 7 సోమవారం నుంచి 13 ఆదివారం దాకా రాత్రి రాత్రి రాశారనుకుంటే, వచ్చిన అంకెలు 40, 28, 16, 76, 64, 52, 39. గురువారం లారీలో 72 ప్యాకెట్లు దిగడంతో ఆ రోజు అంకె పెరిగింది. నివేదికల సాఫ్ట్‌వేర్‌లో ఈ కాలమ్‌ను లాగి వారం మీద పెట్టగానే అది అలవాటుగా కూడేసి 315 అంటుంది. తణుకులో ఆ వారం ఏ క్షణంలోనూ 315 ప్యాకెట్లు లేవు. రోజూ రాత్రి బ్యాంకు ఖాతాలోని సొమ్ము రాసుకుని, వారాంతాన ఏడింటినీ కూడి అంత డబ్బుందని మురిసిపోవడం లాంటిది ఇది. వారానికి చెప్పదగినవి రెండే. వారాంతాన మిగిలినది 39, వారపు సగటు నిల్వ 45.

అలాగని నిల్వను అసలు కూడకూడదని కాదు. ఆదివారం రాత్రి నాలుగు దుకాణాల్లోని కందిపప్పును కూడితే సంస్థ మొత్తం దగ్గర ఉన్న కందిపప్పు వస్తుంది. అది నిజమైన అంకే. దుకాణాల మీదుగా కూడవచ్చు, రోజుల మీదుగా కూడకూడదు. ఇలాంటి అంకెల్ని సెమీ అడిటివ్ అంటారు. సరుకుల మీదుగా కూడేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 39 పప్పు ప్యాకెట్లు, 100 సబ్బులు కలిపి 139 అనడంలో అర్థం లేదు కాబట్టి, పక్కనే కొన్న ధర ప్రకారం నిల్వ విలువకు ఒక కాలమ్ ఉంచి దాన్నే కూడాలి.

స్నాప్‌షాట్‌లో నిల్వ సున్నా అయిన సరుకుకు కూడా వరుస ఉండి తీరాలి. సున్నాలు చోటు తినేస్తున్నాయని వాటిని వదిలేయడం బాగా కనబడే పొరపాటు. అమ్మకాల టేబుల్లో ఒక సరుకుకు వారమంతా వరుస లేకపోతే, ఎవరూ అడగలేదో, అడిగినా సరుకు లేదో ఆ టేబుల్‌కు తెలియదు. స్టాకు టేబుల్లో సున్నా కనబడితే సరుకు అయిపోయిందని, 60 కనబడితే సరుకు ఉండీ పోలేదని తేలుతుంది. మొదటిదానికి మందు ఆర్డరు పెట్టడం, రెండోదానికి ఆర్డరు ఆపడం. వరుసే లేకపోతే ఈ రెండూ కాకుండా, ఆ రాత్రి స్నాప్‌షాట్ సరిగా రాలేదేమోనన్న మూడో అనుమానం వచ్చి చేరుతుంది.

స్నాప్‌షాట్ సరైనదో కాదో చూడటానికి పాత చిట్టా లెక్కే సాధనం. నిన్నటి ముగింపు నిల్వకు వచ్చిన సరుకు కలిపి, అమ్మినదీ పాడైనదీ తీసేస్తే ఈరోజు ముగింపు రావాలి. తణుకు గురువారపు లెక్కలో 16కు 72 కలిపి, అమ్మిన 12 తీసేస్తే 76. సరిపోయింది. సరిపోనప్పుడు కారణం సాధారణంగా స్నాప్‌షాట్ తీసిన వేళలో ఉంటుంది. దుకాణం మూయకముందే తీస్తే ఆ తర్వాతి అమ్మకాలు అందులో పడవు. ఒక్కోసారి నిల్వ మైనస్‌లో కనబడుతుంది. లారీ దిగిన సరుకును కంప్యూటరులో ఎక్కించకముందే కౌంటరులో అమ్మేస్తే అలా వస్తుంది. చూడటానికి బాగోలేదని దాన్ని నివేదికల డేటాబేసులో సున్నాగా మార్చకూడదు. ఆ మైనస్, సరుకు ఎక్కించడంలో ఆలస్యం ఎక్కడుందో చూపించే ఆనవాలు.

రెండు ఫ్యాక్ట్ టేబుళ్లు సిద్ధమయ్యాక అందరూ అడిగేది రెంటినీ కలిపిన నివేదిక. ఎంత అమ్మాం, ఎంత మిగిలింది, ఉన్నది ఎన్ని రోజులకు సరిపోతుంది. ఇక్కడ రెండు ఫ్యాక్ట్ టేబుళ్లను నేరుగా జాయిన్ చేయడం అతి సులువైన పని, అతి చెడ్డ పని కూడా. మంగళవారం తణుకులో కందిపప్పు మూడు బిల్లుల్లో 4, 2, 6 చొప్పున 12 ప్యాకెట్లు పోయాయి. ఆ రాత్రి నిల్వ 28. తేదీ, సరుకు, దుకాణం కీల మీద జాయిన్ చేయగానే అమ్మకాల మూడు వరుసల పక్కనా ఆ 28 మూడుసార్లు వచ్చి కూర్చుంటుంది. కూడితే 84. అమ్మకం మాత్రం సరిగ్గా 12గానే కనబడుతుంది కాబట్టి నివేదిక మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజు ఒక్క బిల్లులోనూ పోని సరుకులైతే నివేదికలోంచే మాయమవుతాయి. నిజానికి అందులో చూడవలసినవి అవే.

సరైన పద్ధతిలో ఒక్కో ఫ్యాక్ట్ టేబుల్‌ను విడిగా కూడుకుని, రెండూ ఒకే స్థాయికి వచ్చాక ఉమ్మడి డైమెన్షన్ల మీద కలుపుతారు.

```sql
WITH s AS (
  SELECT item_key, shop_key, SUM(qty) AS sold
  FROM fact_sales
  WHERE date_key BETWEEN 20250707 AND 20250713
  GROUP BY item_key, shop_key
)
SELECT k.item_key, k.shop_key, k.closing_qty,
       COALESCE(s.sold, 0) AS sold
FROM fact_stock k
LEFT JOIN s ON s.item_key = k.item_key
           AND s.shop_key = k.shop_key
WHERE k.date_key = 20250713;
```

తణుకు కందిపప్పుకు ఇది అమ్మకం 85, నిల్వ 39 అని చూపుతుంది. రోజుకు సుమారు 12 చొప్పున ఉన్న సరుకు మూడు రోజులకు కాస్త పైగా వస్తుంది. స్టాకు టేబుల్ నుంచి మొదలుపెట్టడం వల్ల అమ్మకమే లేని సరుకులు కూడా సున్నాతో జాబితాలో నిలుస్తాయి. ఈ కలయిక పనిచేయాలంటే రెండు టేబుళ్లూ ఒకే సరుకుల టేబుల్‌ను, ఒకే దుకాణాల టేబుల్‌ను వాడుతుండాలి. గొడౌన్‌లో సబ్బులను పెట్టెల లెక్కన, కౌంటరులో ఒక్కొక్కటిగా లెక్కపెట్టే చోట, డేటాబేసులోకి వచ్చేముందే రెండూ ఒకే కొలమానంలోకి మారాలి.

ఇక మిగిలింది కాలంతో మారే వివరాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు రోజు దాకా ఈ సంస్థ నాలుగు దుకాణాలూ పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉన్నాయి. మర్నాటికి ఏలూరు దుకాణం ఏలూరు జిల్లాకు, కొవ్వూరు దుకాణం తూర్పు గోదావరికి చెందాయి. భీమవరం, తణుకు మాత్రమే పాత పేరులో మిగిలాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడు కూడా ఇదే చిక్కు.

దుకాణాల టేబుల్లో పాత జిల్లా పేరు చెరిపి కొత్తది రాస్తే, 2021 అమ్మకాలు కూడా అప్పటికి పుట్టని ఏలూరు జిల్లా కింద కనబడతాయి. దీన్ని టైప్ 1 మార్పు అంటారు. పేరులో అక్షరదోషం దిద్దడానికి అది చాలు. చరిత్ర నిలవాలంటే టైప్ 2 కావాలి. కొవ్వూరు దుకాణపు పాత వరుసను, ఉదాహరణకు కీ 4ను, 2022 ఏప్రిల్ 3తో ముగించి, తూర్పు గోదావరి పేరుతో కీ 6 ఉన్న కొత్త వరుసను ఏప్రిల్ 4 నుంచి మొదలుపెట్టాలి. దుకాణం కోడు `KVR` రెంటిలోనూ ఒకటే. పాత అమ్మకాలు 4ను పట్టుకుని ఉంటాయి, కొత్తవి 6ను పట్టుకుంటాయి. ఫ్యాక్ట్ టేబుళ్లలో దుకాణం కోడు కాకుండా డేటాబేసు తానే ఇచ్చే సరోగేట్ కీ వాడేది ఇందుకే. ఒకే కోడుకు రెండు చరిత్రలు ఉండవచ్చు.

టైప్ 2తో పాత నివేదికలు మారవు కానీ, కొత్త నివేదికలో పశ్చిమ గోదావరి అమ్మకాలు ఏప్రిల్‌లో ఒక్కసారిగా కిందికి జారినట్టు కనబడుతుంది. నాలుగు దుకాణాల్లో ఏదీ మూతపడలేదు, జిల్లా గీత మాత్రమే కదిలింది. అప్పటి జిల్లా ఏది, ఇప్పటి జిల్లా ఏది అనేవి రెండూ న్యాయమైన ప్రశ్నలే కాబట్టి, `district`, `current_district` అని రెండు కాలమ్‌లు ఉంచడం మంచిది. రెండోదాన్ని ఆ దుకాణపు పాత, కొత్త వరుసలన్నిటిలోనూ నేటి జిల్లా పేరుతో నింపాలి.

టైప్ 2 ఇంకోచోట కూడా దెబ్బకొడుతుంది. పైన ఇచ్చిన కోడును 2022 ఏప్రిల్ నెల మొత్తానికి నడిపితే, కొవ్వూరులో మొదటి మూడు రోజుల అమ్మకాలు కీ 4 కింద ఉంటాయి, ఏప్రిల్ 30 నిల్వ కీ 6 కింద ఉంటుంది. `shop_key` మీద కలిపినప్పుడు ఆ మూడు రోజుల అమ్మకాలు జత దొరక్క రాలిపోతాయి. కాలవ్యవధి మార్పు తేదీని దాటుతున్నప్పుడు రెండు వైపులా దుకాణాల టేబుల్‌తో జాయిన్ చేసి, ఎన్నడూ మారని `shop_code` మీద కూడి కలపాలి. సరుకుల టేబుల్లోనూ టైప్ 2 ఉంటే `item_code` విషయంలోనూ అంతే.

చివరిగా, జత దొరకని వరుసల సంగతి. కొత్త సరుకు కౌంటరులో అమ్ముడైపోయింది, సరుకుల టేబుల్లోకి ఇంకా రాలేదు. అలాంటి అమ్మకాన్ని పక్కన పడేయకుండా, ముందే సిద్ధంగా ఉంచిన కీ -1, ‘వివరం తెలియని సరుకు’ అనే వరుసకు కట్టి లోపలికి తీసుకోవాలి. వివరం వచ్చాక కీ మార్చుకోవచ్చు. ఈ పనికి సరుకు అసలు కోడును కూడా ఎక్కడో దాచి ఉంచాలి. రాత్రి లోడింగ్‌లో డైమెన్షన్లు ముందు, ఫ్యాక్టులు తర్వాత ఎక్కుతాయి. ఎక్కాక ప్రతి దుకాణానికి ఆ రోజు `net_amount` మొత్తాన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూపే రోజు మొత్తంతో పోల్చి చూస్తారు. పైసా తేడా ఉన్నా, కారణం దొరికేదాకా ఆ రోజు నివేదికను బయటికి పంపరు.